అభిలంబ బలాన్ని రెండు మిల్లీమీటర్లు ముందుకు జరిపాక

పరీక్షకు నాలుగు నెలల ముందు రాసిన ఒక నమూనా పరీక్షలో భ్రమణ చలనం మీద జంట ప్రశ్నలు వచ్చాయి. సమతలం మీద జారకుండా దొర్లుతున్న ఘన గోళం మెల్లగా నెమ్మదించి ఆగిపోతుంది. గాలి నిరోధాన్ని వదిలేయమన్నారు. ఘర్షణ ఏ దిశలో ఉంటుందని మొదటి ప్రశ్న. వెనక్కి అని రాశాను. కేంద్రం చుట్టూ ఆ ఘర్షణ కలిగించే టార్క్ భ్రమణాన్ని పెంచుతుందా, తగ్గిస్తుందా అని రెండో ప్రశ్న. గోళం ఆగిపోతోంది కదా, తగ్గిస్తుందని రాశాను. మొదటిది ఒప్పు, రెండోది తప్పు. మార్కు పోయినందుకు బాధ లేదు గానీ, ఆ తప్పు ఎందుకు తప్పో ఆ రాత్రి తేల్చుకోలేకపోయాను.

బొమ్మ గీసి చూడండి. గోళం కుడివైపు దొర్లుతోంది, అంటే గడియారపు ముల్లు దిశలో తిరుగుతోంది. కేంద్రంతో పోలిస్తే దాని అడుగు బిందువు ఎడమవైపు కదులుతుంది. ఘర్షణ కూడా ఆ బిందువును ఎడమవైపే నెడితే తిరుగుడు ఇంకా వేగం అందుకుంటుంది. వేగం తగ్గాలి, కోణీయ వేగం పెరగాలి. జారకుండా దొర్లడానికి `v = ωR` ఉండాలి కాబట్టి ఈ రెండూ ఒకేసారి జరగవు. పోనీ ఘర్షణను ముందుకు తిప్పుదామంటే తిరుగుడు తగ్గుతుంది, వేగం పెరుగుతుంది. మళ్లీ అదే గొడవ. ఇక మిగిలింది ఘర్షణ సున్నా అనుకోవడం. అప్పుడు గోళం ఎప్పటికీ ఆగదు.

మూడు దారులూ మూసుకుపోయాయి. రెండు రోజులు ఆ కాగితాన్ని వెంట పెట్టుకుని తిరిగాను. చివరికి నాతో చదువుతున్న స్నేహితుడు బొమ్మ చూసి ఒకే మాట అడిగాడు: "అభిలంబ బలం N ను సరిగ్గా కేంద్రం కిందే ఎందుకు గీశావు?"

నా దగ్గర జవాబు లేదు. అలవాటు, అంతే. నిజానికి ఆ అలవాటును వదులుకోవాల్సిన చోటు అంతకుముందే ఒకటి చదివాను. బరువైన దిమ్మను పైభాగంలో పట్టి అడ్డంగా నెడితే, అభిలంబ బలం మధ్యలో ఉండిపోదు, ముందు అంచువైపు జరుగుతుంది. దిమ్మ బోర్లాపడబోయే క్షణంలో అంచుకే చేరుతుంది. అక్కడ ఎంతో సహజంగా ఒప్పుకున్న సంగతి చక్రం దగ్గరకు వచ్చేసరికి గుర్తు రాలేదు. చక్రం నేలను ఒక్క బిందువు దగ్గరే తాకుతుందని మనసులో ముద్రపడిపోయింది. బిందువులో జరగడానికి చోటెక్కడిది?

అసలు చక్రానికి అలాంటి బిందువు ఉండదు. చక్రమో నేలో, రెండూనో కొద్దిగా నొక్కుకుపోయి ఒక చిన్న స్పర్శతలం ఏర్పడుతుంది. దాని ముందు సగంలో పదార్థం నొక్కుకుంటూ ఉంటుంది, వెనుక సగంలో తిరిగి తేరుకుంటూ ఉంటుంది. పదార్థం సంపూర్ణ స్థితిస్థాపకమైతే రెండు సగాల్లో పీడనం సమానంగా ఉండి, ఫలిత బలం నడిమధ్యనే పడేది. కానీ రబ్బరు, కలప, ఉక్కు, ఏదైనా సరే నొక్కినప్పుడు తీసుకున్న శక్తినంతా తిరిగి ఇవ్వదు. దీన్నే హిస్టరిసిస్ అంటారు. అందుకే ముందు సగం నెట్టినంత గట్టిగా వెనుక సగం నెట్టలేదు. ఫలిత అభిలంబ బలం కేంద్రం కింద కాకుండా, చలన దిశలో కొద్ది దూరం ముందు పడుతుంది. ఆ దూరాన్ని నా నోట్సులో `e` అని రాసుకున్నాను. వేరే అక్షరాలు వాడే పుస్తకాలూ ఉన్నాయి. దొర్లుడు నిరోధంలో ప్రధాన వాటా ఈ హిస్టరిసిస్‌దేనని 1950లలో టేబర్ ప్రయోగాలు చూపించాయి. అంతకుముందు, 1876లో, ఆస్బర్న్ రేనాల్డ్స్ స్పర్శతలంలోని సూక్ష్మమైన జారుడే కారణమని భావించాడు. ఇది పరీక్షలో అడగరు గానీ, నాలాగే పెద్దవాళ్లూ ఘర్షణనే అనుమానించారని తెలిసి కొంత ఊరట కలిగింది.

ఇప్పుడు లెక్క. కుడివైపు ధనాత్మకం అనుకుని ఘర్షణను వెనక్కి, `f` గా తీసుకోండి. ఋణత్వరణం పరిమాణం `a`. కేంద్రం చుట్టూ రెండు టార్క్‌లు ఉన్నాయి: ముందుకు జరిగిన N తిరుగుడును ఆపుతుంది, ఘర్షణ దాన్ని పెంచాలని చూస్తుంది.

```
f = m a
N e - f R = I (a/R),   N = m g
I = β m R²  అయితే
a = (g e / R) / (1 + β)
```

గొడవ అక్కడితో తీరిపోయింది. ఘర్షణ వెనక్కే ఉంది, దాని టార్క్ తిరుగుడును పెంచేదిగానే ఉంది. కానీ `N e` దానికంటే పెద్దది. వేగాన్ని తగ్గించే పని ఘర్షణది, తిరుగుడును తగ్గించే పని N ది. `v = ωR` చెడకుండా ఆ రెండూ సర్దుకునేంత విలువ ఘర్షణ తీసుకుంటుంది. అది స్థైతిక ఘర్షణ కాబట్టి అలా సర్దుకోగలదు.

పరీక్ష హాలులో ఇంత రాయక్కర్లేదు. నేల మీద ఏదైనా ఒక స్థిర బిందువు చుట్టూ కోణీయ ద్రవ్యవేగం రాస్తే ఘర్షణ టార్క్ సున్నా, ఎందుకంటే దాని రేఖ ఆ బిందువు గుండానే పోతుంది. మిగిలినవి కిందికి `mg`, పైకి N. రెండూ సమానం, వాటి మధ్య దూరం `e`. అంటే అది `mge` విలువ గల బలయుగ్మం. కోణీయ ద్రవ్యవేగం `mvR(1 + β)`. ఒకదాని మార్పు రేటును రెండోదానికి సమానం చేస్తే పైన వచ్చిన జవాబే ఒక్క వరుసలో వస్తుంది. నాకు ఈ పద్ధతి అలవాటయ్యాక f జోలికి వెళ్లడమే మానేశాను, అడిగితే తప్ప.

అంకెలు పెట్టి చూద్దాం. 0.7 కిలోల ఘన గోళం, వ్యాసార్ధం 10 సెంటీమీటర్లు, కొంచెం మెత్తని తలం, `e` 2 మిల్లీమీటర్లు, తొలి వేగం సెకనుకు 2 మీటర్లు. ఘన గోళానికి β విలువ 2/5.

```
e/R = 0.02
a = (5/7)(0.02)(9.8) = 0.14 m/s²
s = v²/(2a) = 4/0.28 ≈ 14.3 m
f = m a = 0.098 N
```

రెండు మిల్లీమీటర్ల జరుగుడు గోళాన్ని పద్నాలుగు మీటర్లలో ఆపేసింది. ఇక్కడ ఆగి శక్తి లెక్కతో సరిచూసుకోవడం నాకు అలవాటు. తొలి గతిజశక్తి, భ్రమణంతో కలిపి, `½mv²(1 + β)`, అంటే 1.96 జౌళ్లు. గోళం తిరిగిన కోణం 14.3 ను 0.1 తో భాగిస్తే సుమారు 143 రేడియన్లు. `N e` విలువ 0.0137 న్యూటన్ మీటర్లు. గుణిస్తే 1.96 జౌళ్లే వస్తాయి. శక్తినంతా `N e` టార్క్ తీసేసుకుంది, ఘర్షణ చేసిన పని సున్నా. "గోళం శక్తిని ఘర్షణ వేడి రూపంలో ఖర్చు చేసింది" అని ఉన్న ఐచ్ఛికం కనిపిస్తే ఈ నమూనాలో అది తప్పు. వేడి పుట్టేది పదార్థం లోపల, నొక్కుడు-తేరుకోవడంలో.

తర్వాత నేను పడిన గుంట వేరు. చాలా చోట్ల దొర్లుడు నిరోధాన్ని `C N` అని రాస్తారు, `C = e/R`. దాన్ని చూసి, ఘర్షణ ఎప్పుడూ `N e/R` అని గుడ్డిగా పెట్టేశాను. మన గోళానికి ఆ విలువ 0.137 న్యూటన్లు, నిజమైన ఘర్షణ 0.098. తేడా ఎక్కడిదంటే, `N e/R` అనేది ఇరుసు దగ్గర పట్టి స్థిర వేగంతో లాగే చక్రానికి సంబంధించిన విలువ. అక్కడ కోణీయ త్వరణం లేదు కాబట్టి ఘర్షణ టార్క్ `N e` తో సరిగ్గా సమానం కావాలి. దానంతటది నెమ్మదిస్తున్న గోళంలో ఘర్షణ దానికి 5/7 వంతు మాత్రమే. ఇక ఒంటరి చక్రాన్ని ఇరుసు దగ్గర టార్క్‌తో తిప్పుతూ, ఏ బరువూ లాగకుండా స్థిర వేగంతో నడిపితే ఘర్షణ సున్నా. ఇచ్చిన టార్క్ నేరుగా `N e` ని భర్తీ చేస్తుంది. ఒకే చక్రం, ఒకే `e`, ఘర్షణ మాత్రం మూడు రకాలు. కాబట్టి ప్రశ్నలో ముందుగా చక్రాన్ని ఎవరు, ఎక్కడ నడుపుతున్నారో చూడండి.

ఆ `C` కు ప్రమాణాలు లేవు, `e` కు పొడవు ప్రమాణం ఉంది. కొన్ని పుస్తకాలు రెండింటినీ "దొర్లుడు ఘర్షణ గుణకం" అనే పిలుస్తాయి. పక్కన మిల్లీమీటరు ఉందో లేదో చూడకుండా లెక్క మొదలుపెట్టకండి. విలువ నమ్మదగినదో కాదో తెలుసుకోవడానికి ఇంకో ఆధారం ఉంది: `e` స్పర్శతలం సగం పొడవును దాటకూడదు. తారు రోడ్డు మీద కారు టైరుకు `C` సుమారు 0.01, వ్యాసార్ధం 0.3 మీటర్లు అనుకుంటే `e` 3 మిల్లీమీటర్లు. టైరు నేలను తాకే పొడవు సెంటీమీటర్లలో ఉంటుంది కాబట్టి సరిపోయింది. రైలు పట్టా మీద ఉక్కు చక్రానికి `C` 0.001 నుంచి 0.002 దాకా ఉంటుంది, `e` మిల్లీమీటరుకు కూడా చేరదు.

దిశ విషయంలో తొందరలో N ను వెనక్కి గీసిన రోజులూ ఉన్నాయి. అలా గీస్తే గోళం దానంతటదే వేగం పెంచుకుంటుందని లెక్క చెబుతుంది. ఆ గుర్తు కనిపించగానే పెన్ను ఆపి బొమ్మకు తిరిగి వెళ్లాలి.

నమూనాకు ఒక హద్దు ఉంది. గోళం ఆగాక కూడా 0.14 ను కొనసాగిస్తే అది వెనక్కి దొర్లుతుందని సమీకరణం చెబుతుంది. ఆగిన క్షణంలోనే N కేంద్రం కిందికి తిరిగి వస్తుంది, ఘర్షణ సున్నా అవుతుంది. ఎక్కువ సమయం ఇచ్చి దూరం అడిగిన ప్రశ్నలో ముందు ఆగే సమయం, అంటే 14.3 సెకన్లు, కట్టుకోవాలి. వ్యాసార్ధం రెట్టింపైతే `a` సగమవుతుందనేది కూడా `e` మారదనుకున్నప్పుడే. నిరోధం వ్యాసార్ధానికి విలోమంగా ఉంటుందని 1785లో కూలుంబ్ చెబితే, వ్యాసం వర్గమూలానికి విలోమమని 1837లో డుప్యుయి వాదించాడు. `e` బరువుతోనూ వేగంతోనూ ఉష్ణోగ్రతతోనూ మారే సంఖ్య, కాబట్టి ప్రశ్నలో "e స్థిరం" అనే మాట కోసం వెతకండి.

`e` ని నేను చివరికి లెక్కతో కాక ఒక పలకతో నమ్మాను. పలకను కొద్దికొద్దిగా ఎత్తుతూ బంతిని మెల్లగా తోస్తే, ఒక వాలు దగ్గర అది వేగం పెంచుకోకుండా, తగ్గించుకోకుండా దొర్లుతుంది. అప్పుడు బంతి మీద బరువు, N, ఘర్షణ కలిసిన పలక బలం అనే రెండే ఉన్నాయి. అవి ఒకే నిలువు రేఖ మీద ఉండాలి. కేంద్రం నుంచి కిందికి గీసిన ఆ నిలువు రేఖ పలకను కలిసే చోటు, లంబపాదానికి `R tan θ` దూరంలో, వాలు దిగువన ఉంటుంది. అదే `e`. మన గోళానికైతే ఆ వాలు 1.15 డిగ్రీలు.