40.14

ఇవాళ మా డిగ్రీ కాలేజీ ఓరియెంటేషన్‌లో ఫస్టియర్ వాళ్లతో ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. రాసుకున్న కాగితం జేబులోనే ఉండిపోయింది. నా దొంగతనం చెప్పాను.

ఫస్టియర్‌లో సింపుల్ పెండ్యులం ప్రయోగం. పొడవు 100 సెం.మీ., 20 డోలనాలకు నాకు 38.2 సెకన్లు వచ్చింది. లెక్క కడితే g విలువ 1082. రావాల్సింది 980 దగ్గర! ఎవరినైనా అడగడానికి నామోషీ. వారం రోజులు రికార్డు మూసేసి, సబ్మిషన్ ముందురోజు రాత్రి 980 నుంచి వెనక్కి లెక్కగట్టి 40.14 అని రాసేశాను.

సారు రికార్డు చూసి ఒక్కటే అడిగారు: "నీ స్టాప్‌వాచ్‌లో చిన్న గీత ఎంత?"

"0.2 సెకన్లు సార్."

"మరి ఈ 14 ఎక్కడ చూశావురా?"

నోరు పెగల్లేదు. ఆ వాచీలో 40.0 ఉంటుంది, 40.2 ఉంటుంది. మధ్యలో 40.14 కనపడే దారే లేదు.

తర్వాత ల్యాబ్ అసిస్టెంట్ అన్న నా పక్కన నిలబడి చూసి నవ్వాడు. వాచీ నొక్కుతూనే "ఒకటి" అంటున్నాను. "సున్నా" అనాలి. నేను ఇరవై అనుకున్నవి నిజానికి పంతొమ్మిదే. మళ్లీ చేస్తే 40.2 వచ్చింది, g 977. మొత్తం పది నిమిషాల పని.

తప్పు రీడింగ్‌తో వెళ్లి అడిగుంటే సారు తిట్టేవారు కాదు, మార్కులూ పోయేవి కావు. అదే చెప్పాను పిల్లలకి.

దిగగానే ఒకమ్మాయి వచ్చింది: "అన్నా, నాకు వెర్నియర్ చూడటం రాదు. ఇంటర్‌లో ఫ్రెండ్‌వే రాసుకున్నా."

రేపు పదిన్నరకి ల్యాబ్ దగ్గరికి రమ్మన్నాను.