సున్నం గోడ మీద "సైకిల్ షాపు" చెరిపి "పుస్తకాల షాపు" రాయడం: ఇప్పటిదాకా జరిగిన పని

మిత్రుడి షార్ట్ ఫిల్మ్ పోస్టర్ కోసం చేస్తున్న ఫోటో ఇది. సున్నం కొట్టిన పాత గోడ మీద నీలం రంగుతో, బ్రష్షుతో రాసిన "సైకిల్ షాపు" ఉంది. మొదటి మాట మీద వేపకొమ్మ నీడ పడుతోంది, ఆ మాట మధ్యలోంచి ఒక బీట ఏటవాలుగా దిగుతోంది. కథలో అది పుస్తకాల కొట్టు. "షాపు"ని ముట్టుకోవడం లేదు. నా రంగు కుదిరిందో లేదో పక్కనే ఉన్న ఆ మాటే చెబుతుంది.

పనంతా GIMP అనే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే. మొదట Filters > Enhance > Wavelet Decompose నడిపాను. ఫోటోలోని సన్నని గరుకు, బీటలు, ఇసుక రేణువులు వేర్వేరు Scale పొరల్లోకి వెళ్తాయి. అడుగున మిగిలే Residual పొరలో మసకగా రంగూ నీడా ఉంటాయి. ఇలా విడదీస్తే గోడ గరుకు చెడకుండా రంగు ఒక్కటే మార్చుకోవచ్చు.

నాకు బాగా నచ్చింది రంగు లెక్క. ఎండ పడే చోట సున్నం రంగు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెల్లో 228, 219, 200. అదే ఎండలో అక్షరం నీలం 52, 84, 128. ఆ నీలాన్ని నేరుగా పూస్తే నీడలో అక్షరం వెలిగిపోతున్నట్టు కనిపిస్తుంది. అందుకని వేరే ఫైలులో నీలం పొర మీద సున్నం రంగు పొర పెట్టి, పై పొర మోడ్ Divide చేశాను, అంటే కింది రంగును పై రంగుతో భాగించడం. వచ్చిన రంగు దాదాపు 59, 99, 164. సున్నం తిరిగి పంపే వెలుగుతో పోలిస్తే ఆ నీలం ఎంత భాగాన్ని పంపుతుందో అదే ఈ అంకెలు. దీన్ని Multiply మోడ్‌లో వేస్తే ఎండలో ఎండకు తగ్గట్టు, నీడలో నీడకు తగ్గట్టు అక్షరం నల్లబడుతుంది. కొమ్మ నీడను నేను గీయక్కర్లేదు.

పాత అక్షరాన్ని చెరపడానికీ ఇదే రంగు పనికొచ్చింది. Residual పొర మీద పాత అక్షరం ఆకారంలో, అంచులు మెత్తగా చేసి, ఈ రంగును Divide మోడ్‌లో వేస్తే నీలం పోయి సున్నం తేలుతుంది, నీడ అలాగే ఉంటుంది. అంచుల్లో సన్నగా నీలపు జీర మిగులుతుంది, దాన్ని Heal తో తుడవాలి. ఇదే పని నేరుగా ఫోటో మీద చేస్తే కుదరదు. నీలం రంగులో ఎరుపు చానెల్ చాలా చీకటిగా ఉంటుంది, భాగించేసరికి అందులోని నాయిస్ అంతా పొంగి గోడ మీద ఎర్రటి మచ్చలు తేలతాయి. Scale పొరల్లో మిగిలిన అక్షరం అంచులను మాత్రం పక్క గోడ నుంచి Clone చేశాను, బీట దగ్గర దాని వాలు వెంబడే.

కొత్త అక్షరాలకు ఫాంటు వాడలేదు. గోడ మీదే దాదాపు అన్నీ ఉన్నాయి: "షాపు"లో పు ఉంది, "కి"లో గుడి తీసేసి దీర్ఘం పెడితే కా, "ల్"లో పొల్లు తీస్తే ల. "సై"లోంచి స ఒళ్ళు దొరికింది, తలకట్టు గీశాను. త ఒత్తు ఒక్కటే పూర్తిగా చేత్తో గీయాల్సి వచ్చింది. తీసుకున్నది ఆకారాలే, పిక్సెళ్లు కాదు. పిక్సెళ్లు తీసుకుంటే వాటి వెంట అక్కడి నీడా పెచ్చులూ వచ్చేస్తాయి. రెండు "పు"లూ అచ్చు గుద్దినట్టు ఉండకుండా కొత్తదాన్ని Warp Transform తో కొంచెం వంచాను.

ఈ అక్షరాల పొర Residual కి పైన, Scale పొరలకు కింద ఉండాలి. అప్పుడే బీట, గరుకు రంగు మీద తేలతాయి. అయితే తెల్ల సున్నం మీది గరుకు ముదురు నీలం మీద మరీ కటువుగా కనిపిస్తుంది. "షాపు"తో పోల్చి చూసి, అక్షరాల మేరకు సన్నని Scale పొరలకు బూడిదరంగు మాస్క్ వేసి సుమారు అరవై శాతానికి తగ్గించాను.

గోడ గతుకులకు తగ్గట్టు అక్షరం వంగాలని చాలామంది Displace వాడతారు. ఎదురుగా తీసిన ఫోటోలో ఆ వంపు కనిపించనే కనిపించదు. కనిపించేది బ్రష్షు కుచ్చు అందని గుంటల్లో మిగిలిన తెల్లదనం. దానికోసం ఒక Scale పొరను నకలు తీసి, Threshold తో గుంటలను మాత్రమే పట్టుకుని, అక్షరం మాస్క్‌లో ఆ చుక్కలు తీసేశాను. గీత మొదట్లో రంగు చిక్కగా, బ్రష్షు ఆరేచోట పలచగా ఉండేలా మాస్క్‌లో చాలా తక్కువ ఒపాసిటీతో బ్రష్షు నడిపాను.

బీట ముందుదా, రాత ముందుదా అన్నది పాత ఫోటోలోని "కి" దగ్గర చూశాను. బీట లోపల నీలం లేదు, అంచున పెచ్చులూడి సున్నం కనిపిస్తోంది. అంటే రాత తర్వాతే గోడ బీటలిచ్చింది. కాబట్టి కొత్త అక్షరంలోనూ బీట వెంబడి రంగు తెగాలి, ఒకటి రెండు చోట్ల పెచ్చు ఊడాలి. బీట ముందే ఉంటే రంగు లోపలికి దిగి ఉండేది.

ఇంకా మిగిలింది త ఒత్తు. అది గోడ అడుగున ఉన్న ఎర్ర కావి పట్టీలోకి దిగుతోంది. సున్నానికి కట్టిన లెక్క అక్కడ చెల్లదు, నీలం దాదాపు నల్లగా మారుతోంది. ఎనామెల్ రంగు కిందిది చాలావరకు కప్పేస్తుంది కాబట్టి, ఆ ముక్కకు కింద Residual లో ముందు సున్నం రంగు వేసి, పైన నీలం పెట్టి చూడాలి.