ఫ్లాష్ సిరీస్‌లో ఒక పేపర్: క్యామియో, ఈస్టర్ ఎగ్, క్రాసోవర్ నాకు ఎట్లా పట్టుబడ్డాయంటే

అమెరికా సూపర్‌హీరో సిరీస్ 'ద ఫ్లాష్' ఆరో సీజన్ తొమ్మిదో ఎపిసోడ్ చివర్లో లోకాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఏడుగురు మాత్రం కాలానికి అవతల ఎక్కడో చిక్కుకుపోతారు. ఏమవుతుందోనని ఆత్రంగా పదో ఎపిసోడ్ పెడితే ఊరు ఊరిలాగే ఉంది, జనం ఎవరి పనుల్లో వాళ్లున్నారు. హీరో బ్యారీ అలెన్ మాత్రం ఆలివర్ అనే స్నేహితుడు పోయాడని దిగాలుగా కూర్చున్నాడు. పోయిన లోకం ఎప్పుడు తిరిగొచ్చింది? ఆలివర్ ఎప్పుడు చచ్చిపోయాడు? యాప్ ఏమైనా ఒక ఎపిసోడ్ మింగేసిందా అని వెనక్కీ ముందుకూ జరిపి చూశాను. అంకెలు సరిగ్గానే ఉన్నాయి, తొమ్మిది తర్వాత పదే.

మిర్యాలగూడలో మిల్లు పని సద్దుమణిగాక రాత్రిళ్లు సిరీస్‌లు చూడటం నాకు అలవాటు. హైదరాబాద్‌లో చదివే మా మేనల్లుడు సెలవులకు వచ్చినప్పుడు వాడికి ఈ సంగతి చెప్పాను.

"మామా, నువ్వు సూసింది మూడో పార్టే. తక్కిన నాలుగు వేరే సిరీస్‌లల్ల ఉన్నయ్" అన్నాడు.

"గట్లెట్ల ఉంటది రా? ఒక కథ అయిదు సిరీస్‌లల్ల ఉంటదా?"

"గదే క్రాసోవర్."

పక్కన బియ్యం ఏరుతున్న మా అమ్మ తలెత్తకుండానే, "మహాసంగమం లెక్క అన్నట్టు" అంది. రెండు సీరియళ్లను ఒక గంటలో కలిపి, ఈ ఇంటి కోడలిని ఆ ఇంటి పెళ్లికి పంపే ఎపిసోడ్లు ఆమె ఎన్నో చూసింది. నాకు అర్థం కావడానికి అంతకంటే పెద్ద వివరణ అక్కర్లేకపోయింది. సొంత పేరు, సొంత హీరో, సొంత కథ ఉన్న రెండు మూడు సిరీస్‌లు ఒకే కథలో కలుసుకుంటే అది క్రాసోవర్. ఒక సిరీస్‌లోని పాత్రను తీసుకుని దాని చుట్టూ కొత్త సిరీస్ అల్లితే అది స్పిన్ ఆఫ్. కలయిక ఉంటేనే క్రాసోవర్.

నాకు తప్పిపోయిన కథ పేరు 'క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్'. అమెరికాలో సీడబ్ల్యూ అనే చానెల్ దీన్ని అయిదు భాగాలుగా వేసింది. మొదటి మూడు 2019 డిసెంబర్ 8, 9, 10 తేదీల్లో వచ్చాయి, చివరి రెండూ 2020 జనవరి 14న ఒకే రాత్రి వచ్చాయి. అప్పుడు టీవీ ముందు కూర్చున్నవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు, ఆ తేదీల్లో అదే చానెల్ పెట్టుకుంటే కథ వరుసగా వచ్చేసింది. యాప్‌లో చూసే మనకే చిక్కు. అక్కడ ఏ సిరీస్ అరలో ఆ సిరీస్ ఉంటుంది, మొదటి భాగం అయ్యాక రెండోదానికి దారి చూపదు. చూడాల్సిన వరుస ఇది: ముందు 'సూపర్‌గర్ల్' అయిదో సీజన్ తొమ్మిదో ఎపిసోడ్, తర్వాత 'బ్యాట్‌వుమన్' మొదటి సీజన్ తొమ్మిది, ఆ తర్వాత 'ద ఫ్లాష్' ఆరో సీజన్ తొమ్మిది. అక్కణ్నుంచి 'యారో' ఎనిమిదో సీజన్ ఎనిమిది, చివరికి 'లెజెండ్స్ ఆఫ్ టుమారో' అయిదో సీజన్ మొదటిది. ఈ చివరిదాన్ని కొన్నిచోట్ల స్పెషల్ అని విడిగా పెడతారు, సీజన్‌లో కనిపించకపోతే అక్కడ వెతకాలి. ఇవన్నీ అయ్యాకే ఫ్లాష్ పదో ఎపిసోడ్.

క్రాసోవర్ వచ్చిందని ముందే పసిగట్టడం కష్టమేమీ కాదు. ఎపిసోడ్ పేరులోనే 'పార్ట్ త్రీ' అని ఉంటుంది. ఎపిసోడ్ మొదట్లో వచ్చే 'ఇంతవరకు జరిగిన కథ' ముక్కలో మీరు ఎన్నడూ చూడని సీన్లు, ఎన్నడూ చూడని ముఖాలు కనిపిస్తాయి. కానీ యాప్ ఆ ముక్క మీదనే స్కిప్ బటన్ పెడుతుంది, మన వేలు దానంతటదే అటు పోతుంది. వరుసగా చూసే సిరీస్‌కు దాన్ని నొక్కినా నష్టం లేదుగానీ క్రాసోవర్ రోజున మాత్రం ఆ బటన్ జోలికి పోవద్దు.

తెలిసినవాళ్ల కోసమే సీన్‌లో దాచిపెట్టే చిన్న గుర్తును ఈస్టర్ ఎగ్ అంటారు, దాని దగ్గర ఎక్కువసేపు పట్టింది. 2014 అక్టోబర్‌లో వచ్చిన ఫ్లాష్ మొదటి ఎపిసోడ్‌ను మేనల్లుడు మళ్లీ పెట్టించాడు. చివరి సీన్‌లో, అప్పటిదాకా చక్రాల కుర్చీలో ఉన్న సైంటిస్టు హ్యారిసన్ వెల్స్ రహస్య గదిలోకి వెళ్లి లేచి నిలబడతాడు. ఎదురుగా ఒక న్యూస్‌పేపర్ వెలుగుతుంది. అది భవిష్యత్తు నుంచి వచ్చిన సెంట్రల్ సిటీ సిటిజన్, తేదీ 2024 ఏప్రిల్ 25. ఫ్లాష్ కనిపించడం లేదు, క్రైసిస్‌లో మాయమయ్యాడు అని పెద్ద హెడ్డింగ్.

"ఆపు మామా, ఆపు. హెడ్డింగ్ కాదు, పక్కన సిన్న వార్తలు సదువు."

ఆపి చూస్తే, ఎర్రటి ఆకాశం మాయమైందని ఒక వార్త, వేన్ టెక్, క్వీన్ కంపెనీల విలీనం పూర్తయిందని ఇంకొకటి. ఇక్కడే నాకు అసలు తేడా తెలిసింది. పెద్ద హెడ్డింగ్ ఈస్టర్ ఎగ్ కాదు, అది కథ. అందరూ చదవాలనే కెమెరా దాన్ని నేరుగా చూపిస్తుంది. చిన్న వార్తలు అట్లా కాదు. వాటిని చదవకపోయినా సీన్ ఎవరికైనా అర్థమవుతుంది, కానీ తెలిసినవాడు ఎగిరి గంతేస్తాడు. 1985లో, ఫ్లాష్ బొమ్మల కథలు వేసే డీసీ కామిక్స్ కంపెనీ 'క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్' అనే పేరుతోనే పన్నెండు సంచికల కథ మొదలుపెట్టింది. అందులో లోకాలు నాశనమయ్యే ముందు ఆకాశం ఎర్రబడుతుంది, ఎనిమిదో సంచికలో ఫ్లాష్ చనిపోతాడు. వేన్ టెక్ అంటే బ్యాట్‌మన్ కంపెనీ, క్వీన్ అంటే 'యారో' హీరో ఆలివర్ ఇంటిపేరు. ఒక్క అంగుళం వార్తలో ఇన్ని దాచారు.

ఆ పేపర్‌ను సిరీస్ వదిలిపెట్టలేదు. అయిదో సీజన్ ఆఖరి ఎపిసోడ్‌లో ఆ తేదీ కళ్లముందే 2024 నుంచి వెనక్కి జరిగి 2019 డిసెంబర్ 10 దగ్గర ఆగుతుంది. క్రైసిస్ మూడో భాగం, అంటే ఫ్లాష్ భాగం, టీవీలో వచ్చింది సరిగ్గా ఆ రోజునే.

మనకు ఇవి ఎందుకు తప్పిపోతాయో కూడా అప్పుడే అర్థమైంది. మన చూపంతా కింద సబ్‌టైటిల్స్ మీద ఉంటుంది. సబ్‌టైటిల్ మాటలకే వస్తుంది, మహా అయితే పెద్ద బోర్డుకు వస్తుంది. వెనకాల గోడమీది చీటీకి, బండి నంబరుకు, రేడియోలో వినపడే పాత ట్యూన్‌కు రాదు. ఫోన్ తెరమీదైతే ఆ చిన్న వార్తలు గీతల్లాగే కనిపిస్తాయి. అందుకే నేనిప్పుడు ప్రతి సీన్‌నూ ఆపి వెతకను, ఆపితే కథ చచ్చిపోతుంది. కొత్త గదిలోకి కెమెరా మొదటిసారి వెళ్లినప్పుడు, న్యూస్‌పేపర్‌గానీ పేరు రాసిన బోర్డుగానీ కనిపించినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆపుతాను. మొదటి ఎపిసోడ్‌లోనే ఒక విరిగిన బోను ఉంది, దానిమీద గ్రాడ్ అని ఒక గొరిల్లా పేరు. ఆ గొరిల్లా అదే సీజన్ చివర్లో నిజంగానే వస్తుంది.

ఇక క్యామియో, అంటే తెలిసిన ముఖం ఒకటి కాసేపు కనిపించి పోవడం. 'కల్కి 2898 ఏడీ'లో రాజమౌళి కనబడగానే మా ఊరి హాల్లో ఈలలే ఈలలు. ఆయన ఎవరో తెలియని వాడికి అక్కడ కనిపించేది ఒక బౌంటీ హంటర్, అంతే. క్రైసిస్ మొదటి భాగం మొదట్లో నాకు సరిగ్గా అట్లాగే అయింది. కుక్కను తిప్పుతున్న ఒక పెద్దాయన ఎర్రబడ్డ ఆకాశాన్ని చూసి ఏదో అంటాడు, సీన్ మారిపోతుంది. ఆయన పేరు బర్ట్ వార్డ్. 1966లో మొదలైన పాత బ్యాట్‌మన్ టీవీ సిరీస్‌లో బ్యాట్‌మన్ పక్కనుండే రాబిన్ ఆయనే. ప్రతిదానికీ 'హోలీ' అంటూ మొదలుపెట్టడం ఆ పాత్ర ఊతపదం, ఇక్కడ కూడా అదే అంటాడు. ఆయన్ను తీసేసినా కథలో వెంట్రుకంత తేడా రాదు, అందుకే అది క్యామియో. కథకు ఏ సంబంధం లేని మనిషి ముఖం మీద కెమెరా అవసరానికి మించి నిలబడితే, అక్కడ ఎవరో ఈల వేయాలని చూస్తున్నారన్నమాట.

ఆ సీన్‌లో తెరమీద ఆ లోకం పేరు ఎర్త్-66 అని పడుతుంది. 66 అంటే 1966. పాత్ర క్యామియో, అంకె ఈస్టర్ ఎగ్, అది జరుగుతున్నది క్రాసోవర్‌లో. మూడూ ఒక్కచోటే. అంకె కిటుకు దొరికిందని సంబరపడి తక్కిన లోకాలకూ వేసి చూశాను. ఎర్త్-89 అంటే 1989 బ్యాట్‌మన్ సినిమా, ఎర్త్-90 అంటే 1990 నాటి పాత ఫ్లాష్ సిరీస్. ఎర్త్-96 దగ్గర మాత్రం కిటుకు బెడిసింది. అక్కడి సూపర్‌మన్ బ్రాండన్ రౌత్, ఆయన ఆ వేషం కట్టిన సినిమా వచ్చింది 2006లో. 96 అనేది ఆయన తొడుక్కున్న డ్రెస్ వచ్చిన 'కింగ్‌డమ్ కమ్' కామిక్ సంవత్సరం, 1996. అంకె కనబడగానే సంవత్సరం అనుకోవచ్చు, కానీ దేని సంవత్సరమో మళ్లీ చూసుకోవాలి.

పాత ఫ్లాష్ నటుడు జాన్ వెస్లీ షిప్‌ను చాలామంది క్యామియో లెక్కలో వేస్తారు, నేను ఒప్పుకోను. 2014 సిరీస్‌లో ఆయన హీరో తండ్రి హెన్రీ అలెన్, మొదటి ఎపిసోడ్ నుంచే ఉన్న పాత్ర. పాత ఫ్లాష్‌ను కొత్త ఫ్లాష్‌కు తండ్రిని చేయడం ఈస్టర్ ఎగ్ అనండి, బాగుంటుంది. క్రైసిస్ మూడో భాగంలో ఎర్త్-90 ఫ్లాష్‌గా వచ్చి మన హీరో బదులు తానే ప్రాణమిస్తాడు. ఆయన పోయేటప్పుడు 1990 సిరీస్ నుంచి అసలు ముక్కనే వేశారు. మొదటిసారి చూసినప్పుడు పాత వీడియో ఎందుకొచ్చిందో తెలియలేదు, తెలిశాక చూస్తే గొంతు పట్టేసింది. ఆయన్ను తీసేస్తే ఆ భాగమే నిలబడదు. అది అతిథి పాత్ర, క్యామియో కాదు.

నాకూ మేనల్లుడికీ ఇప్పటికీ తెగనిది ఒక్కటే. నాలుగో భాగంలో సినిమాల ఫ్లాష్ ఎజ్రా మిల్లర్ టీవీ ఫ్లాష్‌కు ఎదురుపడతాడు, ఒకరినొకరు చూసి నోరెళ్లబెడతారు, వెంటనే ఆయన మాయం. తీసేసినా కథకేమీ కాదు, కాబట్టి క్యామియో అంటాను నేను.

"సినిమా హీరో, టీవీ హీరో ఒక్కకాడ కలిసిన్లు గదా మామా, మరి గది క్రాసోవర్ కాదా?" అంటాడు వాడు.

షూటింగ్ దాదాపు అయిపోయాక ఆ సీన్‌ను విడిగా తీసి జోడించారు. దానంతట అది ఊడొచ్చేదాన్ని క్రాసోవర్ అనలేమని నా వాదన. మహాసంగమంలో పెళ్లికి వచ్చిన కోడలు అక్షింతలు వేసి వెంటనే వెళ్లిపోయినా అది మహాసంగమమేనని మా అమ్మ వాడి పక్షం.