కుడి భుజం మీదికి జంధ్యం

డల్లాస్ నుంచి హైదరాబాద్, అక్కడి నుంచి రాజమండ్రి. ఐస్ బాక్స్‌లో నాన్న నాకోసం ఆగి ఉన్నారు. దారంతా ఫోన్లో విధులు చదివాను. ఏ రెండింటికీ పొంతన లేదు. జంధ్యం తీసేసి ఎన్నేళ్లయిందో కూడా గుర్తులేదు. బాబాయ్ ఏమీ అడక్కుండా కొత్తది తెప్పించి ఉంచాడు.

శ్మశానంలో నీళ్లకుండ భుజాన పెట్టగానే గుడికి తిరిగినట్టు కుడివైపుగా నడక మొదలుపెట్టాను. "అటు కాదు నాయనా, అప్రదక్షిణం" అని శాస్త్రిగారు నన్ను పట్టుకుని ఎడమవైపు తిప్పారు. చుట్టుకో చిల్లు, మూడు చుట్లు. వెనక్కి చూడకుండా కుండ వదిలేయాలి. పగిలిన చప్పుడు వినగానే తల తిప్పబోయాను. బాబాయ్ చెయ్యి నా మెడ మీద పడింది.

మూడోరోజు సంచయనం. బూడిద మీద పాలు, నీళ్లు చల్లి, పాదాల వైపు నుంచి మొదలుపెట్టి తల దాకా ఎముకలు ఏరి కొత్త కుండలో వేశాను. అంత తేలిగ్గా ఉంటాయని తెలీదు. మా నాన్న బరువు మనిషి.

అస్థికలతో కోటిలింగాల రేవుకి వెళ్లాం. పడవ కాస్త లోతుకి వెళ్లాక కుండ వదిలాను. ఇబ్బందంతా ఒడ్డుకొచ్చాకే. జంధ్యం కుడి భుజం మీదికి మార్చి, దక్షిణం వైపు తిరిగి, నువ్వులూ నీళ్లూ వదలాలి. నేను వేళ్ల చివర్ల నుంచి వదిలాను. "అది దేవతలకి" అన్నారు శాస్త్రిగారు. రెండోసారీ అదే తప్పు. ఆయన నా బొటనవేలు పట్టుకుని పక్కకి లాగి, చెయ్యి కుడివైపు వాల్చారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి నీళ్లు జారాయి. నల్లటి నువ్వులు రెండు వేలికే అంటుకున్నాయి. పితృతీర్థం అంటే ఆ సందే.

అమావాస్యనాడు నాన్న పెరట్లో అలా వాల్చడం రోజూ చూసే పళ్లెం చూసినంత మామూలుగా చూసేవాణ్ణి. నీళ్లు ఒలకబోస్తున్నారని అమ్మకి చెప్పానట కూడా.

"పన్నెండో రోజు సపిండీకరణకి మీ తాత, ముత్తాత, ఆయన తండ్రి పేర్లు కావాలి. రాసి పెట్టు" అన్నారు శాస్త్రిగారు. ప్రేతపిండాన్ని మూడు చేసి ఆ ముగ్గురి పిండాల్లో కలపాలట. అప్పటిదాకా నాన్న ప్రేతే, పితృదేవత కాదు. తాత పేరు నా పేరే కాబట్టి బతికిపోయాను. ముత్తాత పేరు బాబాయ్ చెప్పాడు. మూడో పేరు ఆయనకీ తెలీదు.

"మీ నాన్నకైతే తెలుసురా," అన్నాడు బాబాయ్, రేవు మెట్ల మీద కూర్చుంటూ. "ప్రతి అమావాస్యకీ చెప్పేవాడు కదా."

ఆ సాయంత్రం ఇద్దరం నాన్న ట్రంకుపెట్టె తెరిచాం.