పెళ్లిచూపుల్లో మాల సంగతి ఎప్పుడు చెప్పాలి? నా అనుభవం

మాది చిత్తూరు, ఉద్యోగం తిరుపతిలో. పెరటాసి శనివారాలు ఒంటిపూట ఉంటాను, కార్తీకంలో అయ్యప్ప మాల వేసి 41 రోజులు దీక్ష చేస్తాను. ఇంట్లో వాళ్లకి ఇదేం వింత కాదు, పెళ్లిచూపులు మొదలయ్యాకే ఇది చెప్పాల్సిన విషయమని తెలిసింది.

మొదటి సంబంధంలో చెప్పలేదు. అడిగితే చెప్దాంలే అనుకున్నా. మాటలు ఖాయమయ్యాక నవంబర్‌లో నల్లబట్టలతో నన్ను చూసి ఆ అమ్మాయి 'ఇది ప్రతి ఏడాదీనా?' అంది, ఆ గొంతులో కోపం మాల మీద కాదు, దాచినందుకు. అది తప్పిపోయింది. రెండోసారి ఆ భయంతో అంతా ముందే చెప్పేశాను, మాల వేశాక నా జీవితం ఎలా మారిందో కూడా కలిపి ఇరవై నిమిషాలు! ఆ అమ్మాయి కాఫీ గ్లాసు వైపే చూస్తూ కూర్చుంది. అక్కడ నేను చేసింది ప్రచారమే, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మూడోసారి వాళ్ల మేడ మీద మాట్లాడుకునేటప్పుడు నమ్మకం ఊసెత్తకుండా ఇంటికి ఏమవుతుందో మాత్రం చెప్పాను. ఆ 41 రోజులూ తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, బ్రహ్మచర్యం, ఇంట్లో మాంసం వండరు, చివర్లో ఇరుముడితో శబరిమల. తర్వాత 'మీకెలా అలవాటు?' అని అడిగాను. 'నాకు గుడి పెద్దగా అలవాటు లేదండీ, పండక్కి అమ్మ కోసం దీపం పెడతా' అంది. సరే అన్నాను. ఎందుకు లేదని అడగలేదు (నోటి దాకా వచ్చింది).

ఆమె ప్రశ్నలు సూటిగా ఉన్నాయి. వంట ఎవరు చేస్తారు? నా వంట నేనే చేసుకుంటా, మధ్యాహ్నం పీఠంలో భిక్ష ఉంటుంది. బయట చికెన్ తినొచ్చా? తినండి, నాకేం ఇబ్బంది లేదు. మూడోది మాత్రం గొంతు తగ్గించి అడిగింది: 'నెలసరి వస్తే నన్ను మా ఇంటికి పంపించేస్తారా?'

దీనికి నా దగ్గర జవాబు లేదు. మా అమ్మ ఆ రోజుల్లో పక్కింటి వరండాలో పడుకునేది, దాన్ని నేనెప్పుడూ ప్రశ్నగా చూడలేదు. తొందరపడి 'అబ్బే, ఏం లేదు' అనేస్తే అది మళ్లీ దాచడమే. రెండు రోజులు టైం అడిగి గురుస్వామి దగ్గరికి వెళ్లాను. నియమం నీది కాబట్టి నువ్వే పీఠంలో పడుకో, ఆ పిల్లనెందుకు కదిలిస్తావు అన్నాడాయన. ఫోన్ చేసి అదే చెప్పాను. 'మీ అమ్మగారికి ఈ మాట మీరే చెప్పండి, నేను చెప్పను' అంది. అమ్మతో మాట్లాడటానికి వారం పట్టింది, అదో పెద్ద కథ.

పెళ్లయి మొదటి మాల ఇది. మొన్న మూడు రాత్రులు పీఠంలో చాప మీద పడుకున్నా. రెండో రాత్రి ఫోన్ వచ్చింది: 'స్వామీ, గ్యాస్ బుక్ చేశారా లేదా?'