బోర్లు ఎందుకు ఎండుతున్నాయి: ఒక మెయిన్స్ వ్యాసం నాకు పట్టుబడిన తీరు

తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సే పేపర్‌కు 150 మార్కులు, మూడు గంటలు. మూడు సెక్షన్ల నుంచి మూడు వ్యాసాలు రాయాలి, అంటే ఒక్కోదానికి గంట. సామాజిక సమస్యలకు, ఆర్థికాభివృద్ధికి ఏకంగా ఒక సెక్షన్ ఉంది కాబట్టి, ఏదైనా సమస్య ఇచ్చి కారణాలూ పరిష్కారాలూ రాయమనే ప్రశ్నకు సిద్ధపడకుండా వెళ్లేవాళ్లు ఉండరు. నేను తెలుగులోనే రాస్తాను. ఈ తరహా వ్యాసం నాకు ఎలా పట్టుబడిందో, సాధన చేసిన వాటిలో బాగా కుదిరిన ఒక్క అంశం, భూగర్భ జలాల క్షీణత, తీసుకుని చెబుతాను.

అశోక్‌నగర్‌లో మా గదిలో నలుగురం ఒకరి వ్యాసాలు ఒకరం దిద్దుకునేవాళ్లం. ఈ అంశం మీద నలుగురి పేపర్లూ పక్కపక్కన పెడితే పేరు మార్చి ఎవరిదైనా ఎవరికైనా ఇవ్వొచ్చు. ఒక పేజీలో కారణాలు: అతిగా తోడటం, వర్షాభావం, వరి సాగు, చెరువులు పూడిపోవడం. తర్వాతి పేజీలో పరిష్కారాలు: అవగాహన సదస్సులు, ఇంకుడు గుంతలు, కఠిన చట్టాలు, బిందు సేద్యం, పంట మార్పిడి. మాలో ఒక అక్క అంతకుముందు వ్యవసాయ విస్తరణ అధికారిగా పనిచేసింది. ఆమె ఎర్ర పెన్ను తీసుకుని ఒక్కో పరిష్కారం నుంచి అది తీర్చే కారణం దాకా గీత గీయమంది. సగానికి పైగా పరిష్కారాల నుంచి గీత ఎటూ పోలేదు. "అవగాహన సదస్సు ఏ కారణానికే? రైతుకు తెల్వకనా బోరేసేది?" అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు.

అక్కడి నుంచి నా పద్ధతి మారింది. ముందు కారణాల పేజీనే అనుమానించడం మొదలుపెట్టాను. "అతిగా తోడటం" అసలు కారణం కాదు, సమస్యనే ఇంకో మాటలో చెప్పడం. ఇలాంటి వాక్యం ఎదురైతే "ఎవరు, ఎందుకు?" అని అడుగుతూ పోవాలి. ఒక మనిషి తన లెక్కలో తనకు సరైన నిర్ణయమే తీసుకుంటున్న చోటు దొరికేదాకా ఆగకూడదు. రైతు తెలివితక్కువగా తోడుతున్నాడని తేలితే మనం ఇంకా కారణం దాకా పోనట్టే.

మా నాయిన సిద్దిపేట వైపు బోరు కింద యాసంగిలో వరి వేస్తాడు. ఫోన్ చేసి, నీళ్లు తక్కువున్నా వరే ఎందుకని అడిగాను.

"వరైతే ఊర్లెనే కాంటా పెడ్తరు బిడ్డా. పైసలు బ్యాంకుల పడ్తయి. పెసరేస్తే ఎవడు కొంటడు, ఏ ధరకు కొంటడు?"

"పల్లి వెయ్యొచ్చు గదా?"

"ఎయ్యొచ్చు. పగలు కోతులు, రాత్రి అడివి పందులు. కావలి ఎవలుంటరు? నువ్వొస్తవా?"

కోతుల సంగతి మేము చదివిన నోట్సులో ఎక్కడా లేదు. కానీ తెలంగాణ పల్లెల్లో ఎవరిని అడిగినా చెబుతారు. ఈ రెండు మాటలతో "వరి సాగు" అనే ఒక్క కారణం రెండుగా చీలింది. ఒకటి, మద్దతు ధరకు ఊరి కొనుగోలు కేంద్రంలో ఖాయంగా అమ్ముడయ్యేది వరే. రెండు, తక్కువ నీటితో పండే పల్లి, కూరగాయల్లాంటి పంటలను జంతువుల నుంచి కాపాడుకోవడం ఒంటరి రైతు వల్ల కాదు. ఇలా చీల్చాక "పంట మార్పిడిని ప్రోత్సహించాలి" అన్న వాక్యం దేనికీ అతకదు. మొదటి కారణానికి జవాబు, బోర్ల మీదే ఆధారపడ్డ మండలాల్లో పప్పుధాన్యాలకూ వడ్లలాగే ఊర్లో కాంటా పెట్టడం. రెండోదానికి జవాబు, ఒక్కో చెలకకు కాకుండా పక్కపక్కన ఉన్న చెలకలన్నిటినీ కలిపి చుట్టూ సోలార్ కంచె వేయడం. మొదటిది చేసి రెండోది వదిలేస్తే మా నాయిన వరి మానడు. ఈ మాట వ్యాసంలోనూ రాశాను, నాయిన పేరు లేకుండా.

తర్వాత కరెంటు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఉంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటల సరఫరా మొదలైంది. అంతకుముందు కరెంటు విడతలుగా, ఎక్కువగా రాత్రిపూట వచ్చేది. దాని కోసం మేలుకుని కూర్చోలేక రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే నడిచేది, మడి నిండినా ఆగేది కాదు. 24 గంటల సరఫరా వచ్చాక ఆ స్టార్టర్ల అవసరం పోయినా మోటార్లకు మాత్రం అవి అలాగే ఉండిపోయాయి. వ్యాసానికి ఇది మంచి సరుకు. ఎందుకంటే ఇక్కడ పాత కారణం తొలగిపోయినా అలవాటు మిగిలింది. అలాంటి చోట స్టార్టర్లు తీయించాలన్న చిన్న పరిష్కారం కూడా సరిగ్గా అతుకుతుంది. సరఫరా వేళలు మెరుగుపరచాలని రాస్తే మాత్రం లేని కారణానికి మందు వేసినట్టే.

ఉచిత కరెంటులో అసలు చిక్కు వేరే ఉంది. ఇంకో గంట మోటారు నడిపితే రైతుకు అదనంగా పడే ఖర్చు సున్నా. "ఉచిత విద్యుత్ ఎత్తేయాలి" అని మాలో ఒకరు రాశారు. కారణానికి అతుకుతుంది, కానీ ఏ ప్రభుత్వం చేస్తుంది? పైగా నీళ్ల కోసం ఇప్పటికే బోర్ల మీద అప్పులు చేసిన రైతు మీద అది ఇంకో భారం. పంజాబ్ 2018లో మరో దారి ప్రయత్నించింది. పానీ బచావో పైసే కమావో అనే పథకంలో చేరిన రైతుకు ఇంత కరెంటు అని ఒక కోటా పెట్టి, అందులో మిగిల్చిన యూనిట్లకు డబ్బులిచ్చారు. మోటారు ఆపితే లాభం వస్తుంది కాబట్టి ఖర్చు సున్నా అన్న కారణాన్ని అది నేరుగా తాకుతుంది. దానికి మీటరు కావాలి. మన దగ్గర పంపుసెట్లకు మీటర్ల మాటెత్తితే బిల్లులేస్తారన్న భయం ముందొస్తుంది. అందుకే రైతు ఇష్టపడి చేరేలా, ముందు కొన్ని ఫీడర్ల మీద మొదలుపెట్టాలని రాశాను. ఆచరణ సాధ్యం అన్న మాటను వ్యాసంలో వాడటం కన్నా, ఎవరు అడ్డుపడతారో రాసి దానికి దారి చూపిస్తే దిద్దేవాళ్లకు నమ్మకం కలుగుతుందని నా అభిప్రాయం.

మూడోది నేల. తెలంగాణలో చాలాచోట్ల కింద ఉన్నది గ్రానైట్ లాంటి గట్టి రాయి. నీళ్లుండేది పైనున్న శిథిల పొరలోను, దాని కింద రాతి పగుళ్లలోను. పక్క చేనివాడి బోరూ నా బోరూ ఒకే పగులు మీద ఉంటే నేను ఆపిన నీళ్లు అతను తోడుకుంటాడు. అతను ఇంకా లోతుకు వేస్తే నాది ఎండుతుంది, అప్పుడు నేనూ లోతుకు పోతాను. ఈ పోటీకి బిందు సేద్యం జవాబు కాదు. మిగిలిన నీళ్లతో ఇంకో ఎకరం పారించేవాళ్లూ ఉంటారు. ఇక్కడ కారణం ఎవరికి వారుగా తోడటం, కాబట్టి పరిష్కారం కలిసి తోడటంలోనే ఉండాలి. అనంతపురం జిల్లాలో కొన్ని గ్రామాల రైతులు బోర్లను పైపులతో కలిపి, కొత్త బోర్లు వేయకూడదని కట్టుబడి నీళ్లు పంచుకున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరువు జిల్లాల్లో నడిచిన ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ ప్రాజెక్టులో రైతులే వానను, బోర్లలో నీటి మట్టాన్ని కొలిచి, యాసంగికి ముందు ఊరంతా కూర్చుని నీటి లెక్క చూసుకునేవారు. ఈ రెండూ ఒకే రకం కావు. రెండోదానిలో కట్టుబాటు లేదు, లెక్క చూశాక ఏ పంట వేయాలన్నది రైతు ఇష్టం. కింద ఎన్ని నీళ్లున్నాయో తెలియకపోవడం కారణమైన చోట నీటి లెక్క చాలు. తెలిసీ పోటీపడుతున్న చోట మొదటిది కావాలి. మా నలుగురి వ్యాసాల్లో "సామూహిక భాగస్వామ్యం" అనే ఒక్క మాట కింద ఇవి రెండూ కలిసిపోయి ఉండేవి.

ఇక "కఠిన చట్టాలు". నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం వాల్టా చట్టం 2002లోనే వచ్చింది. బావులకూ, బోరు తవ్వే రిగ్గులకూ రిజిస్ట్రేషన్ ఉండాలని అందులో ఉంది. ఉన్న చట్టం అమలు కాకపోవడం కారణమైతే కొత్త చట్టం అడగడంలో అర్థం లేదు. రిగ్గు రాత్రికి వస్తే తెల్లారేసరికి బోరు పడిపోతుంది, అధికారి వచ్చేటప్పటికి కేసింగ్ కూడా దిగి ఉంటుంది. వేలమంది రైతుల వెంట పడటం మండల కార్యాలయం వల్ల కాదు. రిగ్గులైతే కొన్నే. అనుమతి పత్రం లేకుండా తవ్వితే రిగ్గు యజమాని లైసెన్సు పోయేలా, రిగ్గుకు జీపీఎస్ ఉండేలా చూడటం చేయగలిగిన పని. నిజానికి ఈ పేరా రాశాకే నాకు వ్యాసం మీద ధైర్యం వచ్చింది.

పరిష్కారం వల్ల ఇంకెక్కడ చిక్కొస్తుందో కూడా ఒకచోట రాస్తాను. పంజాబ్ 2009లో చట్టం చేసి, నడివేసవి ఎండల్లో నీళ్లు ఆవిరైపోకుండా వరి నాట్లను వెనక్కి జరిపింది. నాట్లు ఆలస్యమైతే కోతలూ ఆలస్యమయ్యాయి. గోధుమ విత్తడానికి గడువు తగ్గి గడ్డి తగలబెట్టడం అక్టోబర్ చివరికి, నవంబర్‌కు జరిగింది. ఆ రోజుల్లో గాలి కదలదు, పొగ ఢిల్లీ మీద నిలిచిపోతుంది. దీన్ని రెండు వాక్యాల్లోనే రాయాలి, లేకపోతే వ్యాసం కాలుష్యం వైపు పోతుంది.

గంటలో ఇదంతా పట్టదు. మొదటి పది నిమిషాలు చిత్తు పేజీలో ఎడమవైపు కారణాలు, కుడివైపు పరిష్కారాలు రాసి గీతలు కలుపుతాను. గీత కలవనిది ఎంత బాగున్నా కొట్టేస్తాను. ఇంకుడు గుంతలు అలాగే పోయాయి. కారణాలు నాలుగు దాటనివ్వను. కోతులకు మూడు వాక్యాలే ఇస్తాను, కానీ తీసేయను. ఒక్కో కారణం పక్కనే దాని పరిష్కారం వచ్చేలా రాస్తాను. కారణాలన్నీ ఒకచోట, పరిష్కారాలన్నీ ఇంకోచోట పెడితే చదివేవాళ్లు గీతలు తామే గీసుకోవాల్సి వస్తుంది.

ముగింపులో "ప్రభుత్వం, ప్రజలు కలిసి నడవాలి" అనే వాక్యానికి బదులు వరుస చెబుతాను. ముందు రిగ్గుల మీద నిఘా, స్టార్టర్ల తొలగింపు: పెద్దగా డబ్బు అక్కర్లేదు, అధికారం ఇప్పటికే ఉంది. ఆ తర్వాత, వచ్చే యాసంగి విత్తకముందే, పప్పుధాన్యాల కాంటా ప్రకటించాలి, విత్తాక ప్రకటిస్తే ఉపయోగం ఉండదు. కంచెలు దాంతో పాటే. బోర్లను కలిపి వాడుకునే ఒప్పందాలు, కరెంటు పొదుపు డబ్బులు చివరికి వస్తాయి, ఎందుకంటే ఆ రెండింటికీ ఊర్లో నమ్మకం కుదరాలి, అంతదాకా కొత్త బోర్లు పడకుండా ఆగాలి.