మగ్గు మీద లోగో చుట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది

మా పెదనాన్నగారి అబ్బాయి కాఫీ షాపు పెడుతూ మెనూ కార్డు పని నాకు అప్పగించాడు. కార్డు పైన వాళ్ల మగ్గు ఫొటో ఉండాలి, దాని మీద షాపు పేరు, కింద ఒక గీత ఉన్న లోగో కనిపించాలి. కుమ్మరి చక్రం మీద చేసిన తెల్ల మగ్గు అది. కుమ్మరి వేళ్లు తిరిగిన చోట పడ్డ గాళ్లు, అంటే అడ్డగాడులు, ఒంటి నిండా సన్నగా కనిపిస్తాయి.

ఫొటోషాప్‌లో లోగోని, తర్వాత కూడా లోపలికి వెళ్లి మార్చుకోగలిగే స్మార్ట్ ఆబ్జెక్ట్ చేసి, Edit > Transform > Warp తెరిచి Arc ఎంచుకున్నాను. గీత చక్కగా వంగింది, అయిపోయిందనుకుని పంపేశాను.

"ఏరా, స్టిక్కర్ అంటించినట్టుందేంటి?" అన్నాడు అన్నయ్య.

నిజమే. గీత వంగింది గానీ అక్షరాల వెడల్పు మాత్రం మధ్యలో ఎంతో అంచున కూడా అంతే ఉంది. గుండ్రటి మగ్గు మీద అలా ఉండదు, పక్కలకు వెళ్లేకొద్దీ అక్షరం మనకు సన్నబడి కనిపించాలి. ఎంత సన్నబడాలో కాగితం మీద లెక్క వేశాను. మగ్గు అడ్డుకొలత 8 సెం.మీ., లోగో పొడవు కూడా 8 సెం.మీ. చుట్టాక ఎదురుగా కనిపించే వెడల్పు దాదాపు 6.7 సెం.మీ. మాత్రమే. లోగోని నాలుగు సమాన ముక్కలు అనుకుంటే మధ్య రెండూ చెరి 1.9 సెం.మీ., అంచు రెండూ చెరి 1.45 సెం.మీ. అన్నమాట. అంటే అంచు ముక్కలు మధ్యవాటిలో మూడొంతులే.

మళ్లీ Warp తెరిచి, ఈసారి నిలువు Split‌తో గ్రిడ్‌లో మూడు గీతలు పెట్టి వాటిని ఆ కొలతలకు జరిపాను. వంపు కోసం Arc జోలికి పోలేదు. మగ్గు మూతి మీద ఒక దీర్ఘవృత్తం, అడుగున ఇంకొకటి వేరే లేయర్‌లో గీసుకుని, వాటిని చూస్తూ గ్రిడ్ చుక్కల్ని లాగాను. అప్పుడు ఒక సంగతి తెలిసింది. కెమెరా మూతి కంటే కొంచెం పైన ఉన్నందువల్ల మూతి వంపు చదునుగా, అడుగు వంపు లోతుగా ఉంది. కాబట్టి లోగో పై అంచు కంటే కింది గీత కాస్త ఎక్కువ వంగాలి. మొదటిసారి రెండింటికీ ఒకే వంపు ఇచ్చేశాను, స్టిక్కర్‌లా కనిపించడానికి అదీ ఒక కారణమే.

ఇక గాళ్ల పని. వార్ప్ చేసిన లేయర్‌కి కాపీ తీసి రాస్టరైజ్ చేశాను, అంటే మామూలు పిక్సెళ్ల బొమ్మగా మార్చాను. మగ్గు ఫొటోని నలుపు తెలుపు చేసి, PSDగా సేవ్ చేసి, Filter > Distort > Displace‌లో అడ్డం, నిలువు స్కేళ్లు రెండింటికీ 10 ఇచ్చి, లోగోని ఎక్కడ ఎంత జరపాలో చెప్పే మ్యాప్‌గా దాన్నే చూపించాను. గాళ్లు రాలేదు సరికదా, లోగో ఎడమ సగం ఒక వైపు, కుడి సగం ఇంకో వైపు ఏటవాలుగా జారిపోయాయి. కిటికీ వెలుగు మెరిసిన చోట ఒక అక్షరం కొరికేసినట్టయింది. కంప్యూటర్ ముందు కూర్చుని ఇంత టెన్షన్ ఎప్పుడూ పడలేదు.

అసలు కిటుకు ఏమిటంటే, ఈ ఫిల్టర్‌కి ఎత్తుపల్లాలు తెలియవు, నలుపుకి 0 నుంచి తెలుపుకి 255 దాకా ఉండే వెలుతురు అంకెలే తెలుసు. 128 అంటే కదలొద్దు. దానికి తక్కువైతే ఒక వైపు, ఎక్కువైతే ఎదురు వైపు జరపాలి. స్కేలు 100 ఇస్తే గరిష్ఠంగా 128 పిక్సెళ్లు జరుపుతుంది. నా ఫొటోలో మగ్గు ఒక పక్క నీడ, ఇంకో పక్క వెలుగు. ఆ పెద్ద తేడాకి లోగో మొత్తం కదిలింది, సన్నటి గాళ్ల తేడా అందులో మునిగిపోయింది. అంటే గుండ్రదనం తేవాల్సింది వార్ప్. డిస్‌ప్లేస్ పని గరుకుతనం వరకే. నున్నటి మగ్గయితే దాని అవసరమే లేదు.

నలుపు తెలుపు కాపీ మీద Filter > Other > High Pass, 12 పిక్సెళ్లు ఇచ్చాను. వెలుగునీడల పెద్ద తేడా పోయి, అంతా 128 దరిదాపు బూడిద రంగులోకి వచ్చి, గాళ్లు మాత్రం మిగిలాయి. 2 పిక్సెళ్ల Gaussian Blur కూడా వేశాను, లేకపోతే ఫొటోలోని నాయిస్ అక్షరాల అంచుల్ని గరగరలాడిస్తుంది. మెరుపు మరకని బూడిద రంగు బ్రష్‌తో కప్పేశాను. గాళ్లు అడ్డంగా ఉన్నాయి కాబట్టి పక్క నుంచి పడే వెలుగులో సరిగ్గా తేలవు. అందుకే ఈ కాపీ తీయకముందే, పై నుంచి వెలుగు పడేలా మగ్గు పెట్టి ఫొటో మళ్లీ తీసుకున్నాను.

ఈసారి అడ్డం స్కేలు 3, నిలువు 2 ఇచ్చాను. అంటే ఎక్కువలో ఎక్కువ నాలుగు పిక్సెళ్లు. 100 శాతం జూమ్‌లో లేయర్ పక్కనున్న కంటి గుర్తు నొక్కి లోగోని దాచి చూపిస్తూ పోలిస్తే, అక్షరాల నిలువు గీతల అంచులు గాడి గాడికీ సన్నగా అలలాడాయి. 8 పెట్టి చూస్తే అక్షరాలు నీళ్లలో తేలుతున్నట్టున్నాయి, వెనక్కి వచ్చేశాను. చివర్లో లేయర్ బ్లెండ్ మోడ్‌ని Multiplyకి మార్చగానే మగ్గు నీడ లోగో మీదికి తనే వచ్చింది.

మర్నాడు అన్నయ్య లోగో కింద ఊరి పేరు కూడా చేర్చమన్నాడు. వార్ప్ చేసిన స్మార్ట్ ఆబ్జెక్ట్ అలాగే ఉంది కాబట్టి లోపలికి వెళ్లి మార్చాను, వంపు చెక్కుచెదరలేదు. రాస్టరైజ్ చేసిన కాపీ మాత్రం పారేసి డిస్‌ప్లేస్ మళ్లీ వేయాల్సి వచ్చింది. అందుకే ఇప్పుడు ఆ లేయర్ పేరే "గాళ్లు 3-2" అని పెట్టుకున్నాను.